బోర్డింగ్ పాస్ ఫొటోలతో కనెక్షన్ ప్రణాళిక: తరచుగా అడిగే ప్రశ్నలు

చేతిలో రెండు మూడు బోర్డింగ్ పాస్‌ల ఫొటోలు ఉన్నాయి. ఒక విమానం దిగి ఇంకో విమానం ఎక్కాలి. మధ్యలో ఉన్న సమయం సరిపోతుందా లేదా తేల్చుకోవాలి. ఈ పేజీలోని ప్రశ్నలన్నీ ఆ ఒక్క పని గురించే. ఎక్కువ చోటు మాత్రం వేరువేరు టిక్కెట్ల మీద చేసే ప్రయాణానికే ఇచ్చాను. అక్కడ రెండో విమానం తప్పిపోతే ఆదుకునే బాధ్యత ఎవరికీ ఉండదు, కాబట్టి లెక్క ముందే పక్కాగా ఉండాలి.

పేజీ పొడవునా ఒకే ఉదాహరణ వాడాను. 2026 మార్చి 28 రాత్రి 23:55కి సింగపూర్‌లో బయలుదేరి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాలి. అక్కడ మరుసటి ఉదయం 09:10కి లండన్ హీత్రూ వెళ్లే విమానం ఎక్కాలి. రెండూ వేర్వేరుగా కొన్న టిక్కెట్లు. విమానాల వేళలు లెక్క కోసం అనుకున్నవే అయినా, ఆ రాత్రి ఐరోపాలో గడియారాలు మారే మాట నిజం.

ఫొటోలో ఉన్న వివరాలతోనే ప్రణాళిక పూర్తవుతుందా?

పూర్తి కాదు. బోర్డింగ్ పాస్ విమానం ఎక్కించడానికి ఇచ్చే కాగితం. పేరు, విమాన సంఖ్య, తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, సీటు, బోర్డింగ్ మొదలయ్యే సమయం, గేటు, సాధారణంగా బయలుదేరే సమయం ఇందులో ఉంటాయి. దిగే సమయం చాలా పాస్‌లపై ఉండదు. రెండు విమానాల మధ్య ఆగే సమయం, అంటే లేఓవర్ లెక్కకు అసలు కావలసింది అదే.

అందుకని ప్రతి ఫొటోకూ తోడుగా టిక్కెట్ కొన్నప్పుడు వచ్చిన ఈమెయిల్ లేదా సంస్థ వెబ్‌సైట్‌లోని ఆ విమానం వివరాలు తెరిచి పెట్టుకోవాలి. అక్కడ దిగే సమయం, ప్రయాణ వ్యవధి రెండూ ఉంటాయి. రెండింటినీ రాసుకోవాలి, ఎందుకంటే ఒకదాన్ని ఇంకొకదానితో సరిచూసుకోవచ్చు.

గేటు సంఖ్యను ప్రణాళికలో గట్టిగా నమ్ముకోకూడదు. ముందురోజు ఆన్‌లైన్‌లో చెక్-ఇన్ చేస్తే గేటు గడి చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది. ఉన్నా ఆఖరి గంటలో మారవచ్చు. టెర్మినల్ మాత్రం అంత తేలిగ్గా మారదు, దాన్ని రాసుకోవచ్చు.

ఫొటోలు ఎలా తీయాలి?

కాగితం పాస్ అయితే మడతలు విప్పి, నీడ పడని చోట బల్లమీద పెట్టి, నిటారుగా పైనుంచి తీయాలి. నాలుగు మూలలూ కనిపించాలి. చించి ఇచ్చే చిన్న ముక్క ఉంటే అదీ ఫొటోలో పడాలి. పెద్ద భాగంలో చెరిగిపోయిన అంకె చిన్న ముక్కలో స్పష్టంగా ఉండవచ్చు. ఈ కాగితాలు చాలావరకు వేడితో అచ్చయ్యేవి. ఎండలోనో జేబు వేడికో అక్షరాలు వెలిసిపోతాయి కాబట్టి చేతికి రాగానే ఫొటో తీసుకోవడం మేలు. ఫోనులో ఉన్న పాస్ అయితే దాన్ని ఇంకో ఫోనుతో ఫొటో తీయకండి, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఫొటోలోని అక్షరాలను ఫోనే చదివి ఇస్తే, కాపీ చేసుకునే ముందు కంటితో ఒకసారి పోల్చి చూడాలి. సున్నాకు O, ఒకటికి I, ఎనిమిదికి B, ఐదుకు S పడడం మామూలే. విమాన సంఖ్య, తేదీ, సమయం ఈ మూడింటిని అంకె అంకెగా చూడండి. మిగతావి కాస్త తప్పినా ప్రణాళిక చెడదు.

మరొక మాట. ఫొటో తీసిన సమయం, తేదీ ఫోను దాచుకుంటుంది. కొన్ని యాప్‌లు దాన్నే ప్రయాణ తేదీగా పట్టుకుంటాయి. పాస్ మీద అచ్చయిన తేదీనే తీసుకోవాలి.

బార్‌కోడ్‌లో అన్నీ ఉంటాయి కదా, దాన్ని చదివిస్తే సరిపోదా?

బార్‌కోడ్ చదివే యాప్‌తో పాస్ మీది బార్‌కోడ్ చూపిస్తే ఇలాంటి వరుస వస్తుంది:

```
M1SAMPLE/NAME         EABC123 SINFRAXX 0325 087Y024A0056 100
```

ఇది విమానయాన సంస్థలన్నీ పాటించే ఉమ్మడి పద్ధతి. మొదటి `M1` అంటే ఇందులో ఒక ప్రయాణమే ఉందని. తర్వాత పేరు, బుకింగ్ సంకేతం `ABC123`, బయలుదేరే విమానాశ్రయం `SIN`, దిగే విమానాశ్రయం `FRA`, సంస్థ సంకేతం, విమాన సంఖ్య వరుసగా వస్తాయి. `087` అన్నది తేదీ. సంవత్సరంలో 87వ రోజు అని దాని అర్థం. జనవరి 31, ఫిబ్రవరి 28, మార్చి 28 కలిపితే 87, అంటే మార్చి 28. ఆ తర్వాత `Y` తరగతి, `024A` సీటు, `0056` చెక్-ఇన్ వరుస సంఖ్య.

ఇందులో సమయం ఎక్కడా లేదు. బయలుదేరే సమయమూ లేదు, దిగే సమయమూ లేదు. సంవత్సరం కూడా లేదు. కాబట్టి బార్‌కోడ్‌ను ఒక పనికే వాడండి: అచ్చు అక్షరాలు సరిగా కనిపించనప్పుడు విమాన సంఖ్యను, తేదీని, విమానాశ్రయాలను నిర్ధారించుకోవడానికి. ఆ పనికి దీనికి మించింది లేదు, ఎందుకంటే ఇక్కడ అంకెలు పొరపడే అవకాశం దాదాపు ఉండదు. వేళల కోసం మాత్రం సంస్థ వెబ్‌సైట్‌కే వెళ్లాలి.

పాస్ మీద రెండు మూడు సమయాలు ఉన్నాయి. దేన్ని తీసుకోవాలి?

పెద్ద అక్షరాల్లో కొట్టొచ్చినట్టు కనిపించేది సాధారణంగా బోర్డింగ్ మొదలయ్యే సమయం. బయలుదేరే సమయం పక్కన చిన్నగా ఉంటుంది. కొన్నిటిలో గేటు మూసే సమయం కూడా వేరుగా ఇస్తారు. ఫొటో నుంచి హడావుడిగా రాసుకునేటప్పుడు పెద్ద అక్షరాల సమయాన్నే బయలుదేరే సమయంగా రాసేస్తుంటారు. దానివల్ల పెద్ద నష్టం ఉండదు, లెక్క మరీ జాగ్రత్తగా వస్తుంది, అంతే. కానీ ఆ సమయానికి ప్రయాణ వ్యవధి కలిపి దిగే సమయం తీస్తే మాత్రం నష్టమే. ముప్పావు గంట ముందే దిగుతామని లెక్క తేలుతుంది, లేని సమయం ఉన్నట్టు కనిపిస్తుంది.

ప్రతి పాస్‌కూ మూడు గడులు పెట్టుకోండి: గేటు మూసే సమయం, బయలుదేరే సమయం, దిగే సమయం. ఏ సమయం ఏ ఊరిదో పక్కనే రాయండి. విమానయానంలో అచ్చయ్యే ప్రతి సమయమూ ఆ విమానాశ్రయం ఉన్న చోటి గడియారం ప్రకారమే ఉంటుంది. దీనికి మినహాయింపు లేదు.

కాలభేదాన్ని ఎలా లెక్కించాలి?

రెండు ఊళ్ల మధ్య తేడాను నేరుగా కూడి తీసివేయడం కంటే అన్నిటినీ ముందుగా యూటీసీలోకి, అంటే ప్రపంచ ప్రామాణిక కాలంలోకి మార్చుకోవడం నమ్మదగిన పద్ధతి. మూడు ఊళ్లు ఉన్నప్పుడు తేడా ఎటు కలపాలో ఎటు తీయాలో మనసు తికమక పడుతుంది. యూటీసీ మధ్యలో ఉంటే ఒకే నియమం సరిపోతుంది: స్థానిక సమయం నుంచి ఆ ఊరి తేడాను తీసేస్తే యూటీసీ, యూటీసీకి తేడాను కలిపితే స్థానిక సమయం. తేడా రుణాత్మకంగా ఉన్న ఊళ్లకూ ఇదే సూత్రం, గుర్తు మాత్రం మరవకూడదు.

మన ఉదాహరణలో సింగపూర్ యూటీసీ కంటే 8 గంటలు ముందు. మార్చి 28 రాత్రి 23:55లోంచి 8 గంటలు తీస్తే అదే రోజు 15:55 యూటీసీ. ప్రయాణ వ్యవధి 13 గంటల 10 నిమిషాలు అనుకుందాం. కలిపితే మార్చి 29న 05:05 యూటీసీ. ఇప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ తేడా కలపాలి. చలికాలంలో జర్మనీ యూటీసీ కంటే ఒక గంట ముందు ఉంటుంది కాబట్టి 06:05 అని రాసేయబుద్ధవుతుంది. అది తప్పు. ఎందుకో కింది ప్రశ్నలో ఉంది.

తేడా ఎప్పుడూ నిండు గంటల్లోనే ఉంటుందని అనుకోవద్దు. భారత్ 5 గంటల 30 నిమిషాలు ముందు, నేపాల్ 5 గంటల 45 నిమిషాలు ముందు. ఢిల్లీ, కాఠ్మాండూల మధ్య ఉన్న ఆ పావుగంట తేడా చిన్న లేఓవర్‌లో లెక్కలోకి వస్తుంది.

గడియారాలు మారే రోజు ప్రయాణం పడితే?

ఐరోపా సమాఖ్య దేశాలు, బ్రిటన్ మార్చి ఆఖరి ఆదివారం గడియారాన్ని గంట ముందుకు, అక్టోబరు ఆఖరి ఆదివారం గంట వెనక్కు తిప్పుతాయి. అన్ని చోట్లా ఆ మార్పు ఒకే క్షణంలో, 01:00 యూటీసీకి జరుగుతుంది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం. అక్కడ మాత్రం ఒక్కో ప్రాంతంలో స్థానిక గడియారం రెండు గంటలు కొట్టినప్పుడు మారుతుంది. అంటే మార్చిలో రెండు మూడు వారాలు, శరదృతువులో ఒక వారం పాటు న్యూయార్క్, లండన్‌ల మధ్య తేడా ఎప్పుడూ ఉండే 5 గంటలు కాక 4 గంటలే ఉంటుంది. సింగపూర్, భారత్, జపాన్ గడియారాలు అసలు మార్చవు. దక్షిణార్ధగోళంలో మార్పు దిశ తిరగబడుతుంది.

2026లో మార్చి ఆఖరి ఆదివారం 29వ తేదీ. మన విమానం 05:05 యూటీసీకి దిగుతుంది. గడియారం మారింది 01:00 యూటీసీకి. అంటే దిగే వేళకు ఫ్రాంక్‌ఫర్ట్ అప్పటికే వేసవి కాలంలో, రెండు గంటలు ముందు ఉంది. స్థానిక సమయం 07:05. బయలుదేరినప్పుడు చూసుకున్న తేడాతో లెక్కవేస్తే వచ్చేది 06:05. ఒక గంట తప్పు.

రెండో విమానం పాస్ మీద అచ్చయిన 09:10 మాత్రం కొత్త గడియారం ప్రకారమే. విమానయాన సంస్థ ముందే మార్పును లెక్కలో పెట్టుకుంటుంది. అలా ఒక సమయం కొత్త గడియారంలో, ఇంకొకటి పాత గడియారంలో ఉండిపోయి, లేఓవర్ 2 గంటల 5 నిమిషాలు అయినచోట 3 గంటల 5 నిమిషాలుగా కనిపిస్తుంది. ఇలాంటి తప్పు పట్టుకోవడానికే వెబ్‌సైట్‌లోని దిగే సమయాన్ని కూడా రాసుకోమన్నది. మన లెక్కా, సంస్థ చెప్పిన సమయమూ సరిగ్గా గంట తేడాతో వస్తే గడియారం మార్పును అనుమానించాలి. అరగంటో పావుగంటో తేడా వస్తే ఊరి తేడాను తప్పుగా తీసుకున్నామేమో చూడాలి.

చెక్-ఇన్ గడువు అంటే ఏది? ఆన్‌లైన్‌లో చెక్-ఇన్ అయిపోయింది కదా.

ఆన్‌లైన్ చెక్-ఇన్ సీటును ఖరారు చేస్తుంది గానీ లగేజీని స్వీకరించదు. పెద్ద సంచి ఉంటే దాన్ని కౌంటర్‌లో ఇవ్వడానికి వేరే గడువు ఉంటుంది. అంతర్జాతీయ ప్రయాణాలకు చాలా సంస్థలు బయలుదేరే సమయానికి 60 నిమిషాల ముందు కౌంటర్ మూసేస్తాయి. ఐరోపాలోని చిన్న ప్రయాణాలకు 40, 45 నిమిషాలు పెట్టే సంస్థలూ ఉన్నాయి. గేటు గడువు ఇంకొకటి. బయలుదేరే సమయానికి 15 లేదా 20 నిమిషాల ముందు మూయడం మామూలు. పాస్ మీద రాసిన బయలుదేరే సమయం విమానం గేటు నుంచి కదిలే సమయం, తలుపు మూసే సమయం కాదు.

కాబట్టి లేఓవర్‌ను రెండు విమానాల మధ్య దూరంగా కొలవకండి. దిగిన క్షణం నుంచి మొదట వచ్చే గడువు వరకు కొలవండి. నా దృష్టిలో ఈ పేజీ మొత్తంలో ముఖ్యమైన మాట ఇదే. 09:10 విమానానికి లగేజీ ఉంటే మీ గీత 08:10 దగ్గర ఉంది. చేతి సంచి ఒక్కటే అయితే 08:50 దగ్గర ఉంది. పాస్ మీద 09:10 అన్న అంకె కనిపిస్తుంటే మనసు దాన్నే పట్టుకుంటుంది. అందుకే కాగితం మీద గడువును పెద్దగా, బయలుదేరే సమయాన్ని చిన్నగా రాసుకోమంటాను.

గడువు ఎంతో ఏ సంస్థను అడగాలి? పాస్ మీద ఒక సంస్థ సంకేతం ఉండి, కింద చిన్న అక్షరాల్లో నడిపేది వేరే సంస్థ అని ఉండవచ్చు. విమానం నడిపే సంస్థ గడువే వర్తిస్తుంది. టెర్మినల్ కూడా దానిదే. ఫొటో తీసేటప్పుడు ఆ చిన్న అక్షరాలు తెగిపోకుండా చూసుకోవాలి.

మా లేఓవర్ సరిపోతుందా? ఒకసారి లెక్క చేసి చూపించండి.

ముందు లగేజీతో చూద్దాం. టిక్కెట్లు వేరు కాబట్టి సంచి ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే బయటికి వస్తుంది. దాన్ని తీసుకోవాలంటే జర్మనీలోకి అడుగుపెట్టాలి. అంటే ఇమ్మిగ్రేషన్ దాటాలి, అవసరమైనవారికి జర్మనీతో సహా ఐరోపాలోని చాలా దేశాలకు ఒకటిగా చెల్లే షెంగెన్ వీసా ఉండాలి. అది లేకపోతే సమయం ఎంతున్నా ఈ ప్రణాళిక నడవదు. అందుకని నిమిషాల కంటే ముందు ఈ సంగతి తేల్చుకోవాలి.

వీసా ఉందనుకుందాం. 07:05కి విమానం గేటుకు చేరింది. తలుపు తెరిచి, నడిచి ఇమ్మిగ్రేషన్ వరుస దగ్గరికి రావడానికి 20 నిమిషాలు. వరుసలో 30 నిమిషాలు. 2025 అక్టోబరు 12 నుంచి దశలవారీగా అమలులోకి వచ్చిన కొత్త ప్రవేశ నమోదు పద్ధతిలో తొలిసారి వచ్చేవారి వేలిముద్రలు, ముఖచిత్రం తీసుకుంటారు, కాబట్టి 30 కంటే తక్కువ వేయలేము. సంచి బెల్టు మీదికి రావడానికి ఇంకో 20. అక్కడి నుంచి బయలుదేరే హాలుకు వెళ్లి కౌంటర్ వరుసలో ముందుకు రావడానికి 20. మొత్తం 90 నిమిషాలు, అంటే 08:35. గడువు 08:10. ఇరవై అయిదు నిమిషాలు తక్కువ పడ్డాయి. విమానం సరిగ్గా సమయానికి దిగినా కనెక్షన్ అందదు.

ఇక్కడ గడియారం తప్పును గుర్తు చేసుకోండి. 06:05కి దిగుతామని అనుకున్నవారికి అదే 90 నిమిషాల తర్వాత 07:35 అవుతుంది, గడువుకు ఇంకా 35 నిమిషాలు మిగిలి కనిపిస్తాయి. ఒక్క గంట తేడాతో జవాబు కాదు నుంచి అవునుకు మారిపోయింది.

ఇప్పుడు చేతి సంచి మాత్రమే ఉందనుకుందాం. లండన్ షెంగెన్ పరిధిలో లేదు, సింగపూర్ కూడా లేదు. కాబట్టి జర్మనీలోకి ప్రవేశించకుండానే మారవచ్చు. నడవడానికి 20, భద్రతా తనిఖీకి 25, గేటు లేదా టెర్మినల్ మారడానికి 20, మొత్తం 65 నిమిషాలు. 08:10కి గేటు దగ్గర ఉంటారు. గేటు మూసేది 08:50కి. నలభై నిమిషాలు మిగిలాయి. మొదటి విమానం నలభై నిమిషాలకు మించి ఆలస్యం కాకపోతే అందుతుంది.

దీనికి రెండు షరతులు ఉన్నాయి. కొన్ని దేశాల పౌరులకు విమానాశ్రయం లోపలే మారడానికి కూడా ట్రాన్సిట్ వీసా కావాలి. ఇంకొకటి, ఆన్‌లైన్ పాస్ చేతిలో ఉన్నా వీసా పత్రాలు కౌంటర్‌లో చూపించి ముద్ర వేయించుకోమనే సంస్థలు ఉన్నాయి. ఆ కౌంటర్ లోపలి వైపు లేకపోతే మళ్లీ బయటికి, అంటే ఇమ్మిగ్రేషన్ దాటి వెళ్లాల్సి వస్తుంది. పాస్ ఫొటోలో పత్రాల తనిఖీ గురించి ఏదైనా గడి ఉందేమో, అది ఖాళీగా ఉందేమో చూడండి.

మరి లగేజీ ఉన్నవారు ఎన్ని గంటల విమానం చూసుకోవాలి? పనులకు 90 నిమిషాలు, మొదటి విమానం ఆలస్యానికి కనీసం 60, కౌంటర్ గడువు 60. కలిపితే 210 నిమిషాలు. 07:05కి కలిపితే 10:35. అంతకన్నా ముందు బయలుదేరే విమానం నేను కొనను.

రెండు పాస్‌లూ ఒకే టిక్కెట్‌వో కాదో ఫొటో చూసి చెప్పగలమా?

బుకింగ్ సంకేతం రెండిటి మీదా ఒకటే అయితే చాలావరకు ఒకే టిక్కెట్. వేరుగా ఉంటే మాత్రం వెంటనే తీర్పు చెప్పకూడదు, ఎందుకంటే ఒకే ప్రయాణానికి రెండు సంస్థలు తమ తమ కంప్యూటర్లలో వేరు సంకేతాలు పెట్టుకోవచ్చు. తేల్చేది టిక్కెట్ సంఖ్య. 13 అంకెలు ఉంటాయి, మొదటి మూడు టిక్కెట్ ఇచ్చిన సంస్థవి. రెండు పాస్‌ల మీదా అదే సంఖ్య ఉంటే ఒకే టిక్కెట్. ఒక టిక్కెట్‌లో నాలుగు ప్రయాణాలే పడతాయి కాబట్టి, అంతకు మించితే వరుసగా వచ్చే సంఖ్యతో రెండో టిక్కెట్ జతచేస్తారు. అదీ ఒకటిగానే లెక్క.

లగేజీ ఎక్కడివరకు వెళ్తుందో చెప్పేది పాస్ కాదు, సంచికి కట్టిన పట్టీ. దాని మీద పెద్ద అక్షరాల్లో ఉన్న విమానాశ్రయం సంకేతమే సంచి చివరి మజిలీ. మొదటి కౌంటర్‌లో పట్టీ కట్టగానే ఆ సంకేతం చదివి, పట్టీకి కూడా ఒక ఫొటో తీసుకోండి. ప్రణాళికలో దాన్ని మించిన సాక్ష్యం లేదు.

ఒకే టిక్కెట్ అయితే ఇంత లెక్క అవసరమా?

తక్కువే. ప్రతి విమానాశ్రయానికీ కనీస కనెక్షన్ సమయం అని ఒకటి నిర్ణయించి ఉంటుంది. దేశీయం నుంచి దేశీయానికి, అంతర్జాతీయం నుంచి అంతర్జాతీయానికి, ఇలా ఒక్కోదానికి ఒక్కో పరిమితి. దానికన్నా తక్కువ లేఓవర్‌తో సంస్థ ఒకే టిక్కెట్ అమ్మదు. తప్పిపోతే తర్వాతి విమానంలో ఎక్కిస్తారు. ఆ పరిమితి మామూలుగా నడిచే రోజుకు లెక్కించిందని మాత్రం గుర్తుంచుకోవాలి. చంటిపిల్లలతో, చక్రాల కుర్చీతో వెళ్లేవారు దానికి కొంత కలుపుకోవాలి.

అమెరికాలో ఒకే టిక్కెట్ అయినా పద్ధతి వేరు. విదేశం నుంచి వచ్చి మొదట దిగిన చోటే ఇమ్మిగ్రేషన్ పూర్తిచేయాలి. కొన్ని ప్రత్యేక మార్గాల్లో తప్ప, సంచి కూడా అక్కడే తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ ఇచ్చి, భద్రతా తనిఖీకి వెళ్లాలి. అబుదాబి, డబ్లిన్, కెనడాలోని ప్రధాన విమానాశ్రయాల నుంచి వెళ్లేవారికి ఆ అమెరికా తనిఖీ బయలుదేరే చోటే పూర్తవుతుంది. అప్పుడు భారం మొదటి లేఓవర్ మీద పడుతుంది. అమెరికా విమానం పాస్ మీద `SSSS` అన్న నాలుగు అక్షరాలు ఉంటే అదనపు తనిఖీ ఉంటుంది, గేటుకు ముందే చేరాలి.

అర్ధరాత్రి దాటే ప్రయాణాల్లో తేదీ ఎలా చూడాలి?

పాస్ మీది తేదీ ఎప్పుడూ బయలుదేరే ఊరిలో బయలుదేరే క్షణానిది. 15వ తేదీ 00:20 అని ఉంటే విమానాశ్రయానికి 14వ తేదీ రాత్రే చేరాలి. ఆ విమానం చెక్-ఇన్ గడువు కూడా 14న 23:20కే ముగుస్తుంది. లేఓవర్‌లో ఇది ఇంకా తికమక పెడుతుంది. మొదటి విమానం 14న 23:10కి దిగి, రెండోది 15న 00:40కి ఉంటే, తేదీలు చూసి ఒక రోజంతా ఉందని హోటల్ వెతికేవారున్నారు. అక్కడ ఉన్నది గంటన్నరే.

పసిఫిక్ మీద తేదీ వెనక్కి కూడా వెళ్తుంది. టోక్యోలో రాత్రి 21:00కి బయలుదేరి 7 గంటల 10 నిమిషాలు ప్రయాణించి హొనొలులూలో అదే రోజు ఉదయం 09:10కి దిగుతారు. యూటీసీలో చూస్తే 12:00 నుంచి 19:10 వరకు, ఏ మాయా లేదు.

ఒకే నగరం కదా, విమానాశ్రయం కూడా ఒకటే అవుతుంది కదా?

మూడక్షరాల సంకేతాన్ని చూడాలి, నగరం పేరును కాదు. లండన్‌లో `LHR`, `LGW` వేరు. టోక్యోలో `HND`, `NRT` వేరు. ఇస్తాంబుల్‌లో `IST`, `SAW` నగరానికి చెరో వైపు ఉన్నాయి. మొదటి పాస్ మీది రెండో సంకేతమూ రెండో పాస్ మీది మొదటి సంకేతమూ ఒకటి కాకపోతే, లెక్కలో రోడ్డు ప్రయాణం, దేశంలోకి ప్రవేశం రెండూ చేరతాయి.

ఈ ఫొటోలు ఇంట్లోవాళ్లకు పంపవచ్చా?

నమ్మకమైనవారికి నేరుగా పంపండి. సామాజిక మాధ్యమాల్లో పెట్టకండి. పేరు, బుకింగ్ సంకేతం తెలిస్తే చాలా సంస్థల వెబ్‌సైట్లలో టిక్కెట్ తెరుచుకుంటుంది. అచ్చు అక్షరాలను చెరిపినా అవి బార్‌కోడ్‌లో ఉన్నాయని పైన చూశారు, కాబట్టి దాన్నీ కప్పేయాలి.

మొదటి విమానం ఆలస్యమైతే ప్రణాళికలో ఏం మార్చాలి?

ముందే ఒక సమయం తేల్చి రాసుకుని ఉంటే అప్పటికప్పుడు లెక్కలు వేయనక్కర్లేదు. గడువులోంచి పనులకు పట్టే నిమిషాలు తీసేస్తే, ఆలస్యమైనా సరే విమానం దిగాల్సిన ఆఖరి సమయం వస్తుంది. చేతి సంచితో వెళ్లేవారికి 08:50లోంచి 65 నిమిషాలు తీస్తే 07:45. సింగపూర్‌లో గేటు దగ్గర కూర్చున్నప్పుడు, కొత్తగా చెప్పిన దిగే సమయం ఫ్రాంక్‌ఫర్ట్ గడియారం ప్రకారం 07:45 దాటితే రెండో విమానం పోయినట్టే అనుకుని పని మొదలుపెట్టాలి. బయలుదేరే ఆలస్యాన్ని కాక దిగే సమయాన్నే అడగండి. పొడవైన ప్రయాణాల్లో విమానం దారిలో కొంత కలుపుకోవచ్చు.

ఆ పని ఏమిటంటే, రెండో టిక్కెట్ ఇచ్చిన సంస్థకు గడువు దాటకముందే ఫోను చేసి, రాలేమని చెప్పి, తేదీ లేదా విమానం మార్పించుకోవడం. మార్పుకు రుసుము పడవచ్చు. చెప్పకుండా ఊరుకుంటే ఆన్‌లైన్ చెక్-ఇన్ అయిపోయినా గైర్హాజరుగా రాసుకుంటారు. అదే టిక్కెట్‌లో తిరుగు ప్రయాణం ఉంటే చాలా సంస్థలు దాన్ని కూడా రద్దు చేసేస్తాయి. ఆ ఫోను నంబరు, టిక్కెట్ సంఖ్య రెండూ ఫొటోల పక్కనే, ఇంటర్నెట్ లేకపోయినా తెరుచుకునే చోట పెట్టుకోండి.